పిల్లర్ నంబరు చెబితే పెళ్లికి దారి దొరుకుతుంది

శుభలేఖలో హాలు పేరుంటుంది, పేట పేరుంటుంది. దారి మాత్రం ఉండదు. అందుకే సరిగ్గా ముహూర్తం వేళకు పెళ్లివారి ఫోన్లు మోగడం మొదలవుతుంది. ముందురోజే స్నేహితుడికి వివరంగా ఒక్క మెసేజ్ పెడితే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి.

హైదరాబాద్‌నే తీసుకుందాం. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకు పైగా సాగే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కింద అందరూ అడ్రసు చెప్పుకునేది ఫ్లైఓవర్ పిల్లర్ల నంబర్లతోనే. అత్తాపూర్‌లో 140వ పిల్లర్ ఎదురుగా ఒక ఫంక్షన్ హాలు ఉందనుకుంటే, మెసేజ్ ఇలా ఉండాలి:

“రేయ్, ఆదివారం పెళ్లికి దారి చెబుతున్నా. హాలు అత్తాపూర్‌లో, పిల్లర్ నంబర్ 140 ఎదురుగా. మెహదీపట్నం నుంచి వస్తుంటే ఫ్లైఓవర్ ఎక్కకు, కింది రోడ్డులోనే రా. హాలు ఎడమ చేతి వైపు ఉంటుంది. 145 కనిపించిందంటే దాటిపోయినట్టే. కారు గేటు ముందు ఆపనివ్వరు. గేటు దాటగానే మొదటి సందులో ఎడమకు తిరుగు, హాలు వెనక ఖాళీ స్థలంలో పెట్టుకోవచ్చు. సెల్లార్ బైకులకే. బస్సులో అయితే మెహదీపట్నంలో ఆరాంఘర్ వైపు వెళ్లే బస్సెక్కి అత్తాపూర్ స్టాపులో దిగు. బస్సు వెళ్లే దిక్కుగానే ఐదు నిమిషాలు నడిస్తే చాలు, రోడ్డు దాటక్కర్లేదు. గేటు లొకేషన్ కింద పెట్టా. దొరక్కపోతే మా తమ్ముడికి ఫోన్ చెయ్, గేటు దగ్గరే ఉంటాడు.”

ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది ‘ఫ్లైఓవర్ ఎక్కకు’ అన్న మాట. పైరోడ్డు, కిందిరోడ్డు ఒకదాని మీద ఒకటి ఉన్నచోట ఫోన్‌లోని మ్యాప్ తికమక పడుతుంది. పొరపాటున పైకెక్కినవాళ్లు హాలు మీదుగానే వెళ్లిపోయి, దిగే దారి కోసం ముందుకు పోవాలి. రెండోది, దాటిపోయినట్టు తెలిపే గుర్తు. మెహదీపట్నం నుంచి వెళ్తుంటే పిల్లర్ నంబర్లు పెరుగుతూ పోతాయి కాబట్టి, ఎవరినీ అడక్కుండానే వెనక్కి తిరగాలని తెలుస్తుంది. ఆరాంఘర్ నుంచి వచ్చేవాళ్లకు నంబర్లు తగ్గుతాయి, హాలు కుడివైపు పడుతుంది. వాళ్లకు యూటర్న్ ఏ పిల్లర్ దగ్గరుందో చూసుకుని విడిగా రాయాలి.

లొకేషన్ పంపేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఇంట్లో కూర్చుని ‘కరెంట్ లొకేషన్’ నొక్కితే అతిథులు మీ ఇంటికే వస్తారు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ గరిష్ఠంగా 8 గంటలకే ఆగిపోతుంది. హాలు బుక్ చేసుకోవడానికి వెళ్లినప్పుడే గేటు ముందు నిలబడి లొకేషన్ తీసి పెట్టుకోవాలి. కార్లు ఎక్కడ పెట్టాలో, ఎన్ని పడతాయో అప్పుడే వాచ్‌మన్‌ని అడగాలి. రాత్రి ముహూర్తమైతే ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కుని మెసేజ్‌లో చేర్చాలి. బస్సులో వచ్చేవాళ్లకు తిరుగు ప్రయాణమే అసలు బెంగ.