కుజదోషం ఉందని ఎలా చెప్పాలి?

"అమ్మాయికి కుజదోషం ఉందమ్మా. చేసుకున్నవాడికి గండం." తాంబూలాల దాకా వచ్చిన సంబంధం ఈ ఒక్క మాటతో వెనక్కి పోవడం తెలుగు ఇళ్ళలో కొత్త సంగతేమీ కాదు. చెప్పిన సిద్ధాంతిగారు దక్షిణ పుచ్చుకుని తర్వాతి జాతకం అందుకుంటారు. విన్న అమ్మాయి మాత్రం ఆ మాటను ఏళ్ళ తరబడి మోస్తుంది.

సరే, జాతకంలో దోషం నిజంగానే కనబడిందనుకుందాం. ఆయనేం చెయ్యాలి? లేదంటే అబద్ధం. పైగా రేపు మగపెళ్ళివారి సిద్ధాంతి దాన్ని బయటపెడితే "మనవాళ్ళు దాచారంటే ఎంత పెద్దదో" అని భయం రెట్టింపవుతుంది. కాబట్టి చెప్పాల్సిందే. కాకపోతే అది ఎంతటిదో అంతే చెప్పాలి. చిక్కంతా ఈ 'ఎంతటిది' దగ్గరే ఉంది.

మన ప్రాంతంలో వాడుకలో ఉన్న లెక్క ఇదీ. లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో ఎక్కడ కుజుడున్నా దోషమే. చంద్రుడి నుంచీ, శుక్రుడి నుంచీ కూడా ఇలాగే చూడాలంటారు. పన్నెండు స్థానాల్లో ఐదంటే, ఒక్క లగ్నం నుంచి లెక్కించినా నూటికి నలభై మందికి పైగా దోషజాతకులే. మూడు చోట్ల నుంచీ లెక్కిస్తే ఏదో ఒక లెక్కన నూటికి సుమారు ఎనభై మంది ఇందులోకి వస్తారు. ఇంతమంది పెళ్ళికి అడ్డుపడే దోషమైతే ఊళ్ళో బాజాలే మోగవు. అందుకే శాస్త్రం తెలిసినవాళ్ళు మినహాయింపులు పెట్టుకున్నారు. ఏడింట ఉన్నా అది కర్కాటకమో మకరమో అయితే దోషం లేదంటారు. ఎనిమిదింట ధనుస్సుకూ మీనానికీ అదే మినహాయింపు. ఇద్దరికీ దోషం ఉంటే చెల్లుకు చెల్లు. దోషం ఉందని చెప్పే సిద్ధాంతి ముందు ఈ ఎనభై మంది సంగతి చెప్పాలి. వినేవాళ్ళకు సగం గుండెదడ అక్కడే తగ్గుతుంది.

ఒక ఊహా జాతకం తీసుకుని చూద్దాం. అమ్మాయి పుట్టింది రాత్రి 10.30కి. కన్యాలగ్నం, మేషంలో కుజుడు, మిథునంలో చంద్రుడు, ధనుస్సులో శుక్రుడు. కన్య నుంచి లెక్కపెడితే మేషం ఎనిమిదోది, కాబట్టి లగ్నాత్తు దోషం ఉంది. మేషానికి ఎనిమిదింట మినహాయింపు లేదు. మిథునం నుంచి మేషం పదకొండోది, ధనుస్సు నుంచి ఐదోది. ఆ రెండు లెక్కల్లోనూ దోషం లేదు. అబ్బాయి జాతకంలో అసలే లేదు. ఇక్కడ సిద్ధాంతిగారు మరో అంకె కూడా చూడాలి. లగ్నం కన్యలో రెండు భాగలు కూడా దాటలేదు. ఒక్కో భాగకు సుమారు నాలుగు నిమిషాలు. అమ్మాయి ఓ పది నిమిషాలు ముందే పుట్టి ఉంటే లగ్నం సింహం, కుజుడు తొమ్మిదింట, దోషమన్న మాటే లేదు. మరి 10.30 అన్నది ఎవరు చూసి రాశారు? కాన్పు గదిలో గడియారం చూసినవాళ్ళు అరగంటకో పావుగంటకో సర్దేసి రాయడం మామూలే. కాబట్టి ఫలితం పలికే ముందు ఆ సమయం ఎక్కడిదో అడగడం మొదటి పని.

తర్వాత అడగాల్సింది, ఇంతకుముందు ఎవరైనా ఏమైనా చెప్పారా అని. చాలామంది ఇంకోచోట విన్న మాటతో బిగుసుకుపోయి వస్తారు. ఆ మాటేమిటో తెలియకుండా మనమేం చెప్పినా దాని మీదే పేరుకుంటుంది. అమ్మాయి ఎదురుగా కూర్చుని ఉంటే చూపు ఆమె వైపు ఉండాలి, మాట ఆమెతో ఆడాలి. మగపెళ్ళివారు అక్కడుంటే ఆ రోజు అసలు నోరు విప్పకపోవడం మేలు.

ఇక మాట. "అమ్మా, లగ్నం నుంచి చూస్తే నీ జాతకంలో కుజదోషం ఉంది, దాచను. చంద్రుడి నుంచీ శుక్రుడి నుంచీ లేదు. పుట్టిన టైము పది నిమిషాలు ముందైతే ఇది కూడా ఉండదు. అబ్బాయికి దోషం లేదు గనుక పాత పద్ధతి పట్టింపు ఉన్నవాళ్ళు ఈ సంబంధాన్ని కలపరు. పట్టింపు లేనివాళ్ళు చేసుకుంటారు. ఆ నిర్ణయం మీ ఇంటిది." తల్లి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. "అబ్బాయికి ప్రాణగండమా సిద్ధాంతిగారూ?" అని అడుగుతుంది. జవాబు సూటిగా ఉండాలి: "ఒకరి చావును ఇంకొకరి జాతకంలో చూసి చెప్పే లెక్క నా దగ్గర లేదమ్మా. ఉందన్నవాళ్ళను నమ్మకండి. అబ్బాయి ఆరోగ్యం, అలవాట్లు, ఉద్యోగం, ఆ ఇంటి మనుషులు ఎలాంటివాళ్ళో మాత్రం గట్టిగా విచారించుకోండి."

ఇది తెచ్చిపెట్టుకున్న వినయం కాదు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం మహారాష్ట్రలో జ్యోతిష్కులకు ఒక పరీక్ష పెట్టింది. ఫలితాలు 2009లో 'కరెంట్ సైన్స్' పత్రికలో వచ్చాయి. 27 మంది జ్యోతిష్కులకు తలా 40 జాతకాలిచ్చి, వాటిలో చదువులో చురుకైన పిల్లలవేవో, మానసిక వైకల్యం ఉన్న పిల్లలవేవో చెప్పమన్నారు. సరైన జవాబులు నూటికి 46. బొమ్మా బొరుసూ వేసినా సగం వస్తాయి. జాతకం చూడటం మానేస్తారా లేదా అన్నది ఎవరి నమ్మకం వాళ్ళది. కానీ ఈ సంగతి తెలిసిన మనిషి చావు గురించి ఖాయంగా మాట్లాడటానికి నోరెలా వస్తుంది?

మరో మాట. అమ్మాయి దోషాన్ని వెతికినంత శ్రద్ధగా అబ్బాయి దోషాన్ని వెతకరు. లెక్క ఇద్దరికీ ఒకటే అని గుర్తుచేయడం కూడా సిద్ధాంతి పనే.

భయం పెట్టకుండానే మనిషిని కట్టిపడేసే దారి ఇంకొకటుంది. "ఇంకో విషయం కూడా కనిపిస్తోంది, ఇప్పుడొద్దులే, వచ్చే మంగళవారం రండి." సగం చెప్పి సగం మింగిన ఆ మాట వారం రోజులు నిద్ర పట్టనివ్వదు. దాని తోకనే పరిహారాలు వస్తాయి. ముందు పగడం ఉంగరం, అదీ ఆయన చెప్పిన కొట్లోనే. తర్వాత శాంతి హోమం, ఆపైన అరటిచెట్టుతో పెళ్ళి. చెయ్యకపోతే ఏమవుతుందో ఎవరూ పైకి అనరు, అనాల్సిన అవసరమూ ఉండదు. నిజాయితీ గల సిద్ధాంతి పరిహారం అడిగితేనే చెబుతాడు. అది కూడా ఇంటివాళ్ళు తమంతట తాము చేసుకోగలిగినదే ఉంటుంది: ఓ మంగళవారం సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్ళి రావడం, శక్తి కొద్దీ కందులు దానమివ్వడం. "ఇది మీ మనసు కుదుటపడటానికి. చెయ్యకపోతే కీడు జరుగుతుందని నేననడం లేదు" అని కూడా చెప్పి పంపుతాడు.

ఆ తల్లి పది రోజులకు మళ్ళీ ఫోన్ చేస్తుంది, ఇంకో సంబంధం వచ్చిందని. అప్పుడు ఆయన "జాతకం తీసుకురండి" అనడానికి బదులు చక్రం ముందు పెట్టుకోమంటాడు. లగ్నం ఉన్న గడిని ఒకటిగా పెట్టుకుని కుజుడున్న గడి దాకా లెక్కించమంటాడు. ఫోన్లోనే ఆమె వేలితో గడులు దాటుతూ "ఒకటి, రెండు, మూడు..." అంటూ "పదకొండు" దగ్గర ఆగుతుంది. "దోషం లేనట్టే కదండీ?" "లేనట్టే. చూశారా, దీనికి నేనెందుకు? ముందు అబ్బాయి ఎలాంటివాడో కనుక్కోండి."