తొంభై కిలోమీటర్ల అవతలికి బదిలీ అయితే, మేనేజరుకు ఏం రాయాలి?

బొల్లారం పారిశ్రామిక వాడలోని ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో పనిచేసే ఉద్యోగిని ఉదాహరణగా తీసుకుందాం. కాపురం కూకట్‌పల్లిలో. ఇంటి నుంచి యూనిట్‌కు 16 కిలోమీటర్లు, ముప్పావు గంట ప్రయాణం. ఒకరోజు బదిలీ ఉత్తర్వు చేతికొచ్చింది: వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని యూనిట్‌లో చేరాలి. కంపెనీ బస్సు ఉంది కదా అని ఆయన నెలన్నర పాటు తిరిగాడు. ఆ తర్వాత జడ్చర్లకే కాపురం మార్చుదామని నిర్ణయించుకుని, అందుకయ్యే ఖర్చు ఇవ్వమని మేనేజరుకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు.

ఇలాంటి ఉత్తరాలు చాలావరకు ఒకే తీరుగా మొదలవుతాయి. రోజూ చాలా దూరం ప్రయాణం చేస్తున్నాను, ఒళ్లు అలిసిపోతోంది, పిల్లలతో గడపలేకపోతున్నాను, దయచేసి సాయం చేయగలరు అని. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా ఉండదు. అయినా ఆ ఉత్తరం మేనేజరు బల్ల దగ్గరే ఆగిపోతుంది. కారణం ఆయన కఠినాత్ముడని కాదు. డబ్బు మంజూరు చేసే అధికారం చాలా చోట్ల ఆయన చేతిలో ఉండదు. ఆ ఉత్తరాన్ని ఆయన హెచ్‌ఆర్‌కు పంపాలి, అక్కణ్నుంచి అది అకౌంట్స్‌కు వెళ్లాలి. అలసటను ఏ పద్దు కింద రాయాలో అకౌంట్స్ వాళ్లకు తెలియదు. వాళ్లకు కావలసింది కారణం, కొలత, మొత్తం.

కారణం అంటే ఈ దూరం ఎవరి వల్ల వచ్చిందన్నది. ఉద్యోగి తనంతట తాను ఊరి చివర ఇల్లు కొనుక్కుని వెళ్లి ఉంటే, ఆ ప్రయాణభారం కంపెనీ మొయ్యాలని అడగడం కష్టం. కంపెనీ పని కోసం కంపెనీయే పంపినప్పుడు అడగడానికి గట్టి ఆధారం ఉన్నట్టే. అందుకే ఉత్తరం మొదటి వాక్యంలోనే బదిలీ ఉత్తర్వు తేదీ, నంబరు ఉండాలి. కంపెనీ ఏ యూనిట్‌కైనా బదిలీ చేయవచ్చనే షరతు నియామక పత్రంలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఆ షరతు బదిలీ హక్కు గురించే గాని, ఖర్చు ఎవరిదో చెప్పేది బదిలీ పాలసీ. రాయడానికి ముందు దాన్ని అడిగి తీసుకుని చదవాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఈ లెక్క రాతపూర్వకంగానే ఉంది. బదిలీ దూరం 20 కిలోమీటర్లు దాటితే చివరి నెల మూల వేతనంలో 80 శాతం గ్రాంటు వస్తుంది. ఆ లోపైతే అందులో మూడో వంతే, అదీ నిజంగా ఇల్లు మారితేనే. ప్రైవేటు కంపెనీకి ఈ నిబంధన వర్తించదు గాని, ఎంత దూరాన్ని బదిలీగా లెక్కిస్తారో చూపడానికి పనికొస్తుంది.

ఇక కొలత. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. రాత్రి పదకొండింటికి ఫోన్లో మ్యాప్ తెరిచి చూస్తే గంటన్నర అని చూపిస్తుంది. మేనేజరు కూడా అదే మ్యాప్ తెరుస్తాడు, ఉత్తరంలో రెండున్నర గంటలని ఉంటే నమ్మడు. అందుకని రెండు వారాల పాటు నాలుగు సమయాలు రాసిపెట్టుకోవాలి: గడప దాటినది, గేటు దగ్గర పంచ్ చేసినది, సాయంత్రం బస్సు కదిలినది, ఇల్లు చేరినది. మన ఉద్యోగి అలాగే రాశాడు. మామూలు రోజున ఉదయం 6.10కి బయల్దేరితే పంచ్ 8.45కి. సాయంత్రం 5.50కి బస్సు కదిలితే ఇల్లు చేరేది 8.35కి. వెరసి రోడ్డు మీద 5 గంటల 20 నిమిషాలు. దూరం ఒకవైపు 92 కిలోమీటర్లు. షాద్‌నగర్ దాటాక రాయికల్ టోల్ గేటు దగ్గర బండ్లు బారులు తీరిన రోజును విడిగా చూపాడే గాని, దాన్నే మామూలు రోజుగా చెప్పలేదు. పంచ్ వివరాలు కంపెనీ దగ్గరే ఉంటాయి కాబట్టి ఉదయం లెక్కను ఎవరూ కాదనలేరు.

ఇంత చెప్పినా మేనేజరు దగ్గర ఒక న్యాయమైన ప్రశ్న మిగిలి ఉంటుంది. బస్సు ఉచితంగానే ఇస్తున్నాం కదా, ఇల్లు మారడానికి మళ్లీ డబ్బు ఎందుకు? దీనికి జవాబు ల్యాబ్‌లోనే దొరికింది. హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద శాంపిళ్ల వరుస ఒకసారి మొదలైతే షిఫ్టు అయిపోయిందని మధ్యలో ఆపేయలేరు. ఫలితం తేడాగా వస్తే కారణం వెతకడానికి ఆ పని చేసిన మనిషి అక్కడ ఉండాలి. అలాంటి సాయంత్రాల్లో 5.50 బస్సు తప్పిపోతుంది, కంపెనీ క్యాబ్ పెట్టి పంపాలి. నెలకు నాలుగుసార్లు, సారికి రూ.3,500 చొప్పున రూ.14,000 అవుతోంది. ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే బలంగా కనిపించిన వాక్యం ఇదే. ఇది వేడుకోలు కాదు, కంపెనీ ఇప్పటికే పెడుతున్న ఖర్చు.

అతని ఉత్తరంలోని ప్రధాన భాగం ఇలా ఉంది:

“పై బదిలీ వల్ల నా ప్రయాణం ఒకవైపు 16 కి.మీ. నుంచి 92 కి.మీ.కు, రాకపోకల సమయం గంటన్నర నుంచి 5 గంటల 20 నిమిషాలకు పెరిగింది. రెండు వారాల వివరాలు జతపరిచాను. పనివల్ల బస్సు తప్పిన రోజుల్లో క్యాబ్ ఖర్చు నెలకు సుమారు రూ.14,000 అవుతోంది. జడ్చర్లకు నివాసం మార్చడానికి సామాను రవాణాకు రూ.19,500 (మూడు కొటేషన్లలో తక్కువది), కుటుంబ ప్రయాణానికి రూ.2,500, ఇంటి బ్రోకరేజీకి రూ.11,000, మొత్తం రూ.33,000 మంజూరు చేయగోరుతున్నాను. ఇల్లు దొరికే వరకు పది రోజులు గెస్ట్‌హౌస్‌లో వసతి, ఇంటి అడ్వాన్సు నిమిత్తం రూ.22,000 జీతం అడ్వాన్సుగా, పది నెలల్లో కోత పెట్టుకునేలా ఇప్పించగలరు.”

ఇంటి అడ్వాన్సును అలవెన్సులో కలపకుండా అప్పుగా అడగడం గమనించండి. ఆ డబ్బు ఇల్లు ఖాళీ చేసినప్పుడు తిరిగొచ్చేది, దాన్ని ఖర్చుగా చూపితే అకౌంట్స్ వాళ్లు మిగతా అంకెలను కూడా అనుమానంగా చూస్తారు. రోజువారీ ప్రయాణ భత్యం కూడా అతను ఇందులో అడగలేదు. ఇల్లు మారాక ఆ ప్రయాణమే ఉండదు కాబట్టి ఆ రెండూ ఒకే ఉత్తరంలో ఇమడవు.

ఉత్తరం ఇల్లు మారకముందే వెళ్లాలి. లారీ బిల్లు తేదీ మంజూరు తేదీ కంటే ముందుంటే ఆ బిల్లు వెనక్కి రావడం మామూలే. మేనేజరు నోటిమాటగా సరేనన్నా, మెయిల్లో జవాబు వచ్చేదాకా లారీ మాట్లాడకపోవడం మంచిది. ఆ జవాబులో ఒక షరతు కోసం వెతకాలి: ఏడాదిలోపు ఉద్యోగం మానేస్తే ఈ మొత్తం వెనక్కి కట్టాలా? చాలా కంపెనీలు అలాగే అడుగుతాయి.

పన్ను సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. బదిలీ మీద సామాను తరలింపు, ప్రయాణం కోసం ఇచ్చే భత్యంలో నిజంగా ఖర్చయినంత వరకు ఆదాయపు పన్ను ఉండదు. కొత్త పన్ను విధానంలోనూ ఈ వెసులుబాటు ఉంది. బ్రోకరేజీకి ఇచ్చే సొమ్ము మాత్రం ఈ మినహాయింపు కిందికి రాదు, జీతంలో కలుస్తుంది. మొత్తాన్ని ‘బోనస్’ పేరుతో ఒకేసారి జీతంలో వేస్తే అంతటికీ పన్ను పడుతుంది. అందుకే బిల్లుల మీద చెల్లించమని ఉత్తరంలోనే రాసి, ప్యాకర్ల బిల్లు తన పేరున తీసుకోవాలో కంపెనీ పేరున తీసుకోవాలో లారీ బయల్దేరకముందే అకౌంట్స్‌ను అడగాలి.