నీళ్ల బాటిల్ మీద తేదీ ఎవరిది?

నీళ్లు పులియవు, ముక్కిపోవు. వాటిలో కుళ్లడానికి పిండి పదార్థమో కొవ్వో లేదు. అయినా ప్రతి బాటిల్ మీదా, ప్యాక్ చేసిన నాటి నుంచి ఆరు నెలలని అచ్చేసి ఉంటుంది. పెళ్లిలో మిగిలిన బాటిళ్ల కేసు ఏడో నెలలో అటక మీద కనబడితే తాగాలా, మొక్కలకు పోయాలా?

అమెరికాలో ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, సరిగ్గా తయారై మూత తీయని బాటిల్ నీళ్లకు గడువంటూ పెట్టలేదు. న్యూజెర్సీ రాష్ట్రం మాత్రం 1987లో చట్టం చేసి, రెండేళ్లకు మించని గడువు ముద్రించాలంది. ఆ చట్టం తర్వాత పోయింది. మన దగ్గర చట్టం దృష్టిలో ప్యాకేజ్డ్ నీళ్లు కూడా ఆహారమే. 2020 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ ఆహారం మీద ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై తేదీ ఉండాలి. బిస్కెట్‌కు వర్తించే నియమమే నీళ్లకూ వర్తించింది. చిన్న బాటిళ్లకు ఆరు నెలలు, 20 లీటర్ల జార్లకు సుమారు నెల రోజులు మామూలుగా కనిపించే గడువులు.

ఇంతకీ ఆ ఆరు నెలల్లో మారేదేమిటి? ముందుగా రుచి. బాటిల్ చేసే పెట్ ప్లాస్టిక్ మనకు గట్టిగా కనిపించినా, వాయువుల్ని పూర్తిగా ఆపలేదు. లోపలి నీటి ఆవిరి కొద్దికొద్దిగా బయటికి పోతుంది. అందుకే చాలాకాలం ఉన్న బాటిల్ మూత తీయకుండానే సొట్టలు పడుతుంది. బయటి వాసనలు లోపలికీ వస్తాయి. ఫినాయిల్, పెట్రోల్ డబ్బా, కలరా ఉండల పక్కన పెట్టిన కేసులో నీళ్లకు ఆ వాసన పడుతుంది, గడువు ఇంకా నాలుగు నెలలున్నా సరే. కిరాణా కొట్టువాళ్లు నీళ్ల కేసుల్ని డిటర్జెంట్ బస్తాల మీద పేర్చడం చూస్తే నాకు తేదీ వెతకబుద్ధి కాదు.

రెండోది, ఎక్కువమందిని భయపెట్టేది, ప్లాస్టిక్ నుంచి దిగే రసాయనం. పెట్ తయారీలో ఆంటిమొనీ అనే లోహపు సమ్మేళనాన్ని ఉత్ప్రేరకంగా వాడతారు. దాని ఆనవాళ్లు బాటిల్ గోడలో మిగిలి, నీళ్లలోకి చేరతాయి. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని కొలిచి 2008లో ప్రచురించారు. 22 డిగ్రీల్లో మూడు నెలలుంచినా చెప్పుకోదగ్గ మార్పు లేదు. వేడి పెంచితే కథ మారింది. అమెరికాలో తాగునీటికి పెట్టిన హద్దు వందకోట్ల పాళ్లలో 6 పాళ్లు. దాన్ని దాటడానికి 60 డిగ్రీల్లో 176 రోజులు పడితే, 70 డిగ్రీల్లో 12 రోజులు, 80లో రెండు రోజుల పైచిలుకే సరిపోయాయి.

దీన్ని మన ఎండలకు అన్వయించి చూద్దాం. విజయవాడలో డాబా మీద రేకుల షెడ్డులో కేసు ఉంది, మధ్యాహ్నం ఐదు గంటలసేపు బాటిల్ 60 డిగ్రీల్లో ఉడికిందనుకుందాం. 176 రోజులంటే 4,224 గంటలు. రోజుకు ఐదు గంటల చొప్పున 845 రోజులు, అంటే రెండేళ్లు దాటుతుంది. కారులో అద్దం దగ్గర వదిలేసిన బాటిల్ 70 డిగ్రీలకు చేరితే, అదే లెక్కన 58 రోజులు చాలు. చల్లబడ్డ గంటల్ని వదిలేసిన మోటు లెక్కే ఇది. పైగా ఆ హద్దు జీవితాంతం రోజూ తాగేవాళ్లను దృష్టిలో పెట్టుకున్నది, కాబట్టి ఒక బాటిల్ తాగినవాళ్లు కంగారు పడనక్కర్లేదు. కానీ వేసవంతా కారులో మగ్గిన బాటిల్‌ని, మీద తేదీ ఇంకా ఉందికదా అని తాగడంలో అర్థం లేదు.

అటక మీది కేసు సంగతి అందుకే తేలిక. నీడలో, వాసనలకు దూరంగా ఉండి, మూత కింది రింగు తెగకుండా, వెలుతురుకెత్తి పట్టుకుంటే నలుసులూ పచ్చటి జీరా లేకపోతే, ఏడో నెలలో నీళ్లు విషమైపోవు. మూత తీసి వాసన చూడండి. ప్లాస్టిక్ కంపు కొడితే మొక్కలకు పోయండి. దుకాణంలో మాత్రం గడువు దాటింది కొనకండి. అది ఎన్ని గోదాముల్లో, ఎన్ని ఎండల్లో తిరిగిందో మనకు తెలియదు.

మూత తీశాక అచ్చేసిన తేదీకి విలువ లేదు. ప్లాంట్లలో సాధారణంగా ఓజోన్‌తో క్రిములను చంపుతారు. అది కాసేపట్లోనే ఆక్సిజన్‌గా మారిపోతుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ మిగిలి కాపలా ఉన్నట్టు ఇక్కడ ఏదీ ఉండదు. నోరు పెట్టి తాగితే లాలాజలంతోపాటు బ్యాక్టీరియా, వాటికి మేతా రెండూ లోపలికి వెళ్తాయి. అలాంటి బాటిల్‌ను ఆ రోజే ముగించాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా ఖాళీ చెయ్యాలి. ఇంట్లో కుళాయి బిగించిన 20 లీటర్ల క్యాన్‌కూ ఇదే ఇబ్బంది. వారం పది రోజులు అలాగే ఉంటే కుళాయి లోపల వేలికి జారుడుగా పాచి తగులుతుంది. కొత్త క్యాన్ పెట్టే ముందు ఆ కుళాయిని విప్పి, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. వీధి చివర ప్లాంటు నుంచి వచ్చే క్యాన్‌కు చాలాసార్లు లేబులే ఉండదు. ఎప్పుడు నింపారో అడిగి, క్యాన్ మీద మార్కర్‌తో మనమే రాసుకోవాలి.