వార్తల్లో పదం: టార్సల్ టనెల్ సిండ్రోమ్

జూపాడు బంగ్లా పొలాల్లో రోజంతా నిలబడి పనిచేసే మనిషికి అరికాలు మండితే, ముందుగా మడమ నొప్పేననుకుంటారు. కాకపోవచ్చు. చీలమండ లోపలి ఎముక వెనుక, గట్టి పట్టీ కింద ఇరుకు దారి ఉంది. అందులోంచి అరికాలికి వెళ్లే టిబియల్ నరం నలిగితే మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు పోట్లు వస్తాయి. నిలబడేకొద్దీ పెరుగుతాయి, కొందరిని రాత్రి నిద్ర లేపుతాయి. ఇదే టార్సల్ టనెల్ సిండ్రోమ్. 1962లో కెక్, లామ్ అనే వైద్యులు విడివిడిగా దీన్ని వివరించారు.

ముందుగా అనుకునే ఆ మడమ నొప్పి, అంటే ప్లాంటార్ ఫేషియైటిస్, నరం జబ్బు కాదు. మడమ అడుగున, పొద్దున తొలి అడుగుల్లోనే పొడిచి, నాలుగడుగులు వేశాక సాధారణంగా తగ్గుతుంది, తిమ్మిరి ఉండదు.

చీలమండ లోపలి ఎముక వెనుక వేలితో తట్టినప్పుడు అరికాల్లోకి కరెంటు షాక్‌లా పాకితే నరాన్ని అనుమానించాలి. రెండు పాదాలూ మండితే ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి.