పే స్లిప్పులో ఏరియర్స్: అకౌంట్స్ సెక్షన్‌కు ఒక ఉత్తరం

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు పే స్లిప్పులో ముందుగా అర్థం కాని పద్దు ఏరియర్స్. హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో చేరిన ఒక యువ ఉద్యోగి అకౌంట్స్ సెక్షన్‌కు ఇలా రాశాడనుకుందాం.

"అయ్యా, నేను 2025 ఆగస్టు 1న విధుల్లో చేరాను. నా మూలవేతనం రూ. 25,500. అక్టోబరు పే స్లిప్పులో ఏరియర్స్ అని రూ. 1,746 చూపించారు. ఇది నేను ఆఫీసుకు బాకీ ఉన్న డబ్బా, ఆఫీసు నాకు ఇవ్వాల్సినదా? నాతో సమానమైన బేసిక్ ఉన్న పక్క సీటు ఉద్యోగికి రూ. 2,619 వచ్చింది. పైగా ఆ డబ్బు మీద ఎన్‌పీఎస్ కింద రూ. 153 విడిగా కోశారు. దయచేసి వివరించగలరు."

ఆ డబ్బు ఉద్యోగిదే. గడిచిన నెలల్లో రావలసి ఉండి, అప్పుడు రానిది ఇప్పుడు చేతికొచ్చింది. ఏరియర్స్ చెల్లింపుల వైపు ఉంటే మనకు రావలసిన బకాయి. అదే కోతల వైపు ఉన్నా, మైనస్ గుర్తుతో ఉన్నా గతంలో ఎక్కువిచ్చినదాన్ని వెనక్కి తీసుకుంటున్నారని అర్థం.

ఈ బకాయి ఎలా పుట్టిందో చూద్దాం. కేంద్ర ఉద్యోగుల కరువు భత్యం, అంటే డీఏ, ఏటా జనవరి 1, జూలై 1 తేదీల నుంచి మారుతుంది. ప్రకటన మాత్రం కొన్ని నెలలు ఆలస్యంగా వస్తుంది. 2025 జూలై నుంచి వర్తించే పెంపును కేంద్ర మంత్రివర్గం అక్టోబరు 1న ఆమోదించింది. డీఏ 55 నుంచి 58 శాతమైంది. అప్పటికే జూలై, ఆగస్టు, సెప్టెంబరు జీతాలు పాత రేటుతో ఇచ్చేశారు. ఆ 3 శాతం తేడాయే అక్టోబరు స్లిప్పులో ఏరియర్స్‌గా వచ్చింది.

ఇక లెక్క. రూ. 25,500 మీద పాత డీఏ రూ. 14,025, కొత్తది రూ. 14,790. నెలకు తేడా రూ. 765. అయితే రవాణా భత్యం మీద కూడా డీఏ ఇస్తారు. హైదరాబాద్‌లో ఈ స్థాయి ఉద్యోగికి ఆ భత్యం రూ. 3,600, దానిమీద 3 శాతం రూ. 108. రెండూ కలిపితే నెలకు రూ. 873. ఇంటి అద్దె భత్యం శాతం మారలేదు కాబట్టి అందులో తేడా రాదు. మన ఉద్యోగి ఆగస్టులో చేరాడు, కాబట్టి రెండు నెలలకు రూ. 1,746. పక్క సీటు ఉద్యోగి జూలైలోనూ పనిచేశారు, మూడు నెలలకు రూ. 2,619. ఒక క్యాలెండర్ నెల మొత్తం సెలవులో ఉంటే ఆ నెలకు రవాణా భత్యం రాదు, దాని తేడా కూడా రాదు. ఇద్దరి బేసిక్ ఒకటే అయినా ఏరియర్స్ వేరుగా ఉండటానికి ఇలాంటివే కారణాలు.

ఎన్‌పీఎస్ కోత మూలవేతనం, డీఏ కలిపిన మొత్తం మీద 10 శాతం. డీఏ బకాయి రెండు నెలలకు రూ. 1,530, అందులో 10 శాతం రూ. 153. రవాణా భత్యం ఈ లెక్కలోకి రాదు. ప్రభుత్వం తన వాటాగా 14 శాతం జమచేస్తుంది. అంటే ఆ రూ. 153 పోలేదు, ఉద్యోగి పింఛను ఖాతాలోకే వెళ్లింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు చాలాసార్లు పాత పింఛను ఉద్యోగుల డీఏ బకాయిని చేతికివ్వకుండా జీపీఎఫ్‌లో జమచేశాయి. అందువల్ల అక్కడ జీపీఎఫ్ ఖాతా కూడా చూసుకోవాలి.

పన్ను దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది. పై మూడు నెలలూ ఒకే ఆర్థిక సంవత్సరంలోవి కాబట్టి చిక్కు లేదు. కిందటి ఆర్థిక సంవత్సరాలకు చెందిన బకాయి ఈ ఏడాది అందితే ఆదాయం ఒక్కసారిగా పెరిగి పన్ను భారం పెరగవచ్చు. అలాంటప్పుడు ఆదాయపు పన్ను చట్టం ఊరటనిస్తుంది. దాన్ని కోరేవాళ్లు రిటర్నుకు ముందే ఆన్‌లైన్‌లో అందుకు నిర్దేశించిన ఫారం వేయాలి. అది మరిచిపోయి రిటర్నులో ఊరట చూపిస్తే శాఖ దాన్ని ఒప్పుకోదు.

ఇవన్నీ ఎవరికి వారు సరిచూసుకోవడానికి అకౌంట్స్ సెక్షన్‌లో ఒక కాగితం ఉంటుంది. దాన్ని డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంట్ అంటారు. నెలవారీగా రావలసినది, తీసుకున్నది, తేడా, ఈ మూడూ పక్కపక్కనే అందులో ఉంటాయి. ఒక నెల జారిపోయినా, బేసిక్ తప్పుగా పడినా ఆ పట్టికలో వెంటనే కనబడుతుంది. కాబట్టి ఉత్తరం రాసేవాళ్లు ఉద్యోగి నంబరు, చేరిన తేదీ, మూలవేతనం, స్లిప్పు నెల, మొత్తం రాసి, "ఈ బకాయి డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంట్ ఇప్పించగలరు" అని అడగాలి. ఏరియర్స్ అంటే ఏమిటని మాత్రమే అడిగితే ఒక్క ముక్కలో జవాబొస్తుంది. స్టేట్‌మెంట్ అడిగితే లెక్కంతా చేతికొస్తుంది, తప్పుంటే ఏ నెలలో ఏ పద్దు దగ్గర జరిగిందో వేలుపెట్టి చూపించవచ్చు.