స్విచ్ ఆపినా టెస్టర్ వెలుగుతోందా?

ట్యూబ్‌లైట్ విప్పి, స్విచ్ ఆపేశారు. అయినా ఆ వైరు కొసకు ఆనిస్తే టెస్టర్ మసగ్గా వెలుగుతోంది. వైరుకూ న్యూట్రల్‌కూ మధ్య మల్టీమీటర్ 80 వోల్టులు చూపిస్తోంది. ఇది ఉత్తుత్తి వోల్టేజీ కావచ్చు.

ఒకే పైపులో ఈ వైరు పక్కనే ఫ్యాన్‌కు వెళ్లే 230 వోల్టుల ఫేజ్ వైరు ఉంటుంది. ఇన్సులేషన్ దాటి దాని ప్రభావం ఎటూ కలవని వైరు మీద పడుతుంది. అలా వచ్చే కరెంటు అత్యల్పం. కానీ డిజిటల్ మీటరు తాను దాదాపు కరెంటే లాగదు కాబట్టి ఆ కాస్తనూ చూపించేస్తుంది.

తేల్చుకోవాలంటే వైరుకు లోడు ఇవ్వాలి. ఇన్సులేషన్ సరిగ్గా ఉన్న హోల్డర్‌లో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి, మెయిన్ ఆపి, వైరుకూ న్యూట్రల్‌కూ మధ్య కలపండి. మెయిన్ వేసి, బల్బు ఉండగానే కొలవండి. ఉత్తుత్తిదైతే రీడింగు దాదాపు సున్నాకు పడిపోతుంది. నిజమైన ఫేజ్ అయితే 230 దగ్గరే నిలిచి, బల్బు వెలుగుతుంది. ఎల్‌ఈడీ బల్బు వాడొద్దు, అది కొద్దిపాటి కరెంటుకే మిణుకుమంటుంది.

న్యూట్రల్ తెగితే నిజమైన ఫేజ్‌కూ బల్బు వెలగదు. అందుకే ముందు పనిచేస్తున్న ఫేజ్‌కూ అదే న్యూట్రల్‌కూ మధ్య బల్బు వెలుగుతోందో లేదో చూడండి. ఫలితం ఏదైనా, మెయిన్ ఆపాకే వైరు ముట్టుకోండి.