అరువు గొంతు, అసలు ఉచ్చారణ

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరులో కన్నుమూశారు. మూడేళ్ల తర్వాత వచ్చిన ‘కీడా కోలా’ సినిమాలో ఆయన గొంతును కృత్రిమ మేధతో సృష్టించి వాడారని, తమను అడగలేదని కుటుంబం తరఫున కొడుకు చరణ్ చిత్రబృందానికి లీగల్ నోటీసు పంపారు. దాదాపు అదే కాలంలో ‘లాల్ సలామ్’ అనే తమిళ చిత్రం కోసం ఏఆర్ రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులను ఇదే పద్ధతిలో వినిపించారు. కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం చెల్లించి ఆ పని చేశామని ఆయన ప్రకటించారు. సాంకేతికత ఒకటే అయినా దారులు వేరయ్యాయి.

పుస్తకాలను, పాఠాలను కృత్రిమ స్వరంతో చదివించేవారికీ ఈ అనుమతి ప్రశ్నే ఎదురవుతుంది. ఇప్పటి పరికరాలు కొద్దిపాటి రికార్డింగుతోనే ఒక గొంతును అనుకరించగలవు. అందుకే ‘నా గొంతు రికార్డు చేసుకోండి’ అన్న మాటను ‘నా గొంతుకు నకలు తయారుచేసుకోండి’ అన్న అనుమతిగా తీసుకోకూడదు. ఒప్పందం విడిగా, రాతపూర్వకంగా ఉండాలి. నకలును ఏ పుస్తకానికి, ఎంతకాలం వాడతారో, ప్రకటనలకూ రాజకీయ ప్రసంగాలకూ వాడవచ్చో లేదో అందులో రాయాలి. పని ముగిశాక ఆ నకలు ఎవరి దగ్గర ఉంటుంది, ఎప్పుడు చెరిపేస్తారు అన్నదే అన్నిటికన్నా ముఖ్యం. నా దృష్టిలో ఆ ఒక్క వాక్యం లేని ఒప్పందం అసంపూర్ణమే.

అనుమతి దొరికాక అసలు శ్రమ మొదలవుతుంది. ఈ వాక్యం చూడండి: ‘12న ఉ. 6.30కి 3 మహిళలు 2.5 కి.మీ. నడిచి వచ్చి, చాప పరిచి జొన్నలు ఆరబోశారు.’ మన కన్ను దీన్ని ఇట్టే చదివేస్తుంది. యంత్రం ‘మూడు మహిళలు’ అనవచ్చు, ‘రెండు పాయింట్ ఐదు’ అనవచ్చు, ‘ఉ’ దగ్గర ఒక్క అక్షరం పలికి ఆగిపోవచ్చు. తెలుగులో అంకె పక్కన మనుషులుంటే ముగ్గురు, వస్తువులుంటే మూడు. సగం కలిస్తే అది రెండున్నర. అంకెను మాటగా మార్చే దశలోనే ఈ తేడా తెలియాలి. చాలా పరికరాలు అక్కడే తప్పుతాయి. కాబట్టి వినిపించే ప్రతిని అచ్చు ప్రతి నుంచి వేరుచేసి ఇలా రాసుకోవాలి: ‘పన్నెండున, ఉదయం ఆరున్నరకి, ముగ్గురు మహిళలు రెండున్నర కిలోమీటర్లు నడిచి వచ్చారు. చాప పరిచి జొన్నలు ఆరబోశారు.’ పొడవైన వాక్యాన్ని రెండుగా విరిచామని గమనించండి. ‘నడిచి, వచ్చి, పరిచి’ అంటూ సాగే వాక్యంలో చివరి క్రియ దాకా స్వరాన్ని సరిగ్గా నడపడం యంత్రానికి కష్టం.

ఇక మిగిలినవి చాప, జొన్న. మనం రాసేది ఒకే ‘చ’ అయినా పలికేవి రెండు. అచ్చ తెలుగు మాటల్లో అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓలు చేరినప్పుడు నాలుక పళ్ల దగ్గరికి జరిగి ‘త్స’కు దగ్గరగా పలుకుతుంది: చాప, చలి, చుక్క. చీర, చెరువు, చేపల్లోనూ, చంద్రుడు లాంటి సంస్కృత పదాల్లోనూ అలా జరగదు. ‘జ’దీ ఇదే తీరు. ఈ తేడా కోసం ౘ, ౙ అనే గుర్తులున్నా నేటి రాతలో అవి దాదాపు కనిపించవు. మనం తాగే చారుకూ, చారుమతిలోని చారుకూ అక్షరాలు ఒక్కటే. యంత్రం నేర్చుకునేది రాతనూ రికార్డింగునూ జతచేసి చూసే కదా, అరుదైన పదం వస్తే అది ఊహించక తప్పదు.

పరికరం ఒప్పుకుంటే ఉచ్చారణను నేరుగా చెప్పవచ్చు:

```
<phoneme alphabet="ipa" ph="t͡saːpa">చాప</phoneme>
```

అన్ని తెలుగు స్వరాలూ ఈ గుర్తును పట్టించుకోవు. అప్పుడు వినిపించే ప్రతిలో మాత్రమే ‘త్సాప’ అని రాసి చూడాలి. కొన్ని స్వరాలు దాన్ని సాఫీగా పలుకుతాయి, కొన్ని ‘త్’నీ ‘సా’నీ విడదీస్తాయి. విడదీస్తే వాక్యంలో చోటు మార్చి ఇంకోసారి పలికించి చూడాలి. పాఠం చేతిలో పట్టుకున్నవారికి ఈ తప్పులు వినపడవు, చెవికన్నా ముందే కన్ను చదివేస్తుంది. అందుకే పాఠం చూడని మనిషి ఒకరు వినాలి, ఎక్కడ తడబడ్డారో సమయంతో సహా రాసుకోవాలి. చదువరి ప్రాంతంలో ‘చ’ అన్నిచోట్లా ఒకేలా పలికితే అది తప్పు కాదు. పుస్తకమంతా ఒకే తీరున ఉండటమే కావలసింది.

శ్రోతకు చెప్పడం మూడో పని. వివరాల పెట్టెలో రాస్తే చాలదు. వాట్సాప్‌లో శబ్దం ఒక్కటే చేతులు మారుతుంది. ప్రతి అధ్యాయం మొదట్లో ఆ స్వరమే చెప్పాలి: ‘ఇది ఫలానా చదువరి అనుమతితో కంప్యూటర్ తయారుచేసిన గొంతు.’ 2025 అక్టోబరులో కేంద్రం విడుదల చేసిన ముసాయిదా నిబంధనలు కూడా ఇలాంటి శబ్దాల నిడివిలో మొదటి 10 శాతంలోనే ఆ సంగతి వినిపించాలని ప్రతిపాదించాయి.

కథలో శ్రీకాకుళం అవ్వ మాట్లాడితే ఆ యాసను నేటి పరికరాలు తరచూ చదును చేసేస్తాయి. ఆ సంభాషణలు మనిషి చేతే చదివించి మధ్యలో అతకడం మేలు. అప్పుడు మొదటి ప్రకటన కూడా మారాలి: ‘కథనం కంప్యూటర్ స్వరం, సంభాషణలు మనిషి గొంతు.’